అతుకు నునుపు, ఫోటో గరుకు: ఏఐ పూరించిన చోటును మిగతా ఫోటోతో కలపడం ఎలా?

చాలా ఇళ్ళలో తాతగారిదో నాయనమ్మదో ఒక్కటే ఫోటో మిగిలి ఉంటుంది. అదీ ట్రంకుపెట్టె అడుగున మడతపడి, ఓ మూల చెమ్మ తగిలి ఉంటుంది. పెద్దది చేయించి గోడకు తగిలిద్దామని స్టూడియోకి పట్టుకెళితే ఇప్పుడు నిమిషాల్లో బాగుచేస్తున్నారు. మడత గీత ఉన్నంతమేరా మౌస్‌తో గుర్తుపెట్టి బటన్ నొక్కితే, ఆ జాగాను ఏఐ తనే పూరించేస్తుంది. ఫోన్ తెర మీద చూపిస్తే ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. అదే ఫోటోను 12x18 అంగుళాల ప్రింటు తీయించి గోడకు పెట్టాక అసలు సంగతి బయటపడుతుంది. తాతగారి భుజం వెనక గోడ మీద ఒక పట్టీ మేర నున్నగా, ఇస్త్రీ చేసినట్టు కనిపిస్తుంది. రంగు సరిపోయింది, వెలుగునీడలు సరిపోయాయి, గీతలు ఎక్కడా తెగలేదు. అయినా చూసినవాళ్ళ కన్ను తిన్నగా అక్కడికే పోతుంది.

తేడా రంగులో లేదు, ఆ రంగు మీద ఉన్న సన్నటి గరుకులో ఉంది. ఫోటో పనివాళ్ళు దాన్ని ఫిల్మ్ ఫోటోలో గ్రెయిన్ అంటారు, డిజిటల్ ఫోటోలో నాయిస్ అంటారు. ఈ రెండిటినీ, వాటితోపాటు షార్ప్‌నెస్‌నూ అతుకులోకి తీసుకురావడం రీటచింగ్‌లో చివరి పని. ఎక్కువమంది వదిలేసే పని కూడా ఇదే.

ముందు ఆ గరుకు ఎక్కడిదో తెలియాలి. ఫిల్మ్ మీద జెలటిన్ పొరలో వెండి లవణాల స్ఫటికాలు చల్లినట్టుగా ఉంటాయి. వెలుగు తగిలిన స్ఫటికాలు డెవలపర్ ద్రావణంలో వెండి రేణువులుగా మారతాయి. ఆ రేణువులు సమంగా పరుచుకోవు. ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా ఉంటాయి. అందుకే ఒకే రంగు వేసిన గోడను ఫోటో తీసినా, ఫోటోలో ఆ గోడ ఒకే రంగుగా ఉండదు. తక్కువ వెలుతురులో పనికొచ్చే వేగమైన ఫిల్మ్‌లో స్ఫటికాలు పెద్దవి, కాబట్టి గ్రెయిన్ కూడా పెద్దది. కలర్ ఫిల్మ్‌ను కడిగేటప్పుడు వెండి పోయి, దాని చుట్టూ ఏర్పడిన రంగు మచ్చలు మాత్రమే మిగులుతాయి. అక్కడా గరుకు ఉంటుంది గానీ కాస్త మెత్తగా, రంగురంగులుగా ఉంటుంది.

డిజిటల్ కెమెరాలో గరుకుకు కారణం వెలుగే. వెలుతురు ఫోటాన్లుగా, చినుకుల్లా విడివిడిగా వస్తుంది. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడుతున్నాయంటే, ఒకసారికీ మరోసారికీ అటూఇటూ 10 దాకా తేడా రావడం సహజం. అంటే పది శాతం. అదే 10,000 పడేచోట తేడా 100 మాత్రమే, అంటే ఒక శాతం. పెళ్ళిపందిరిలో రాత్రిపూట ఫోన్‌తో తీసిన ఫోటోలో దీపాల దగ్గర శుభ్రంగా ఉండి, నీడలున్న మూలలు మాత్రం పురుగులు పాకుతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. పైగా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒక్కదాన్నే చూస్తుంది. కొడాక్ కంపెనీలో బ్రైస్ బేయర్ కనిపెట్టిన ఈ అమరికకు 1976లో పేటెంట్ వచ్చింది. నేటికీ చాలా కెమెరాలు దానితోనే నడుస్తున్నాయి. మిగతా రెండు రంగులను పక్క పిక్సెళ్ళను చూసి లెక్కగడతారు కాబట్టి, ఒక పిక్సెల్‌లో వచ్చిన నాయిస్ దాని చుట్టుపక్కలకు కూడా అంటుకుంటుంది. ఫలితంగా నాయిస్ ఒక్కొక్క చుక్కగా కాకుండా రెండు మూడు పిక్సెళ్ళ గుత్తులుగా కనిపిస్తుంది. ఈ గుత్తి సైజు ముందుముందు మనకు చాలా అవసరం.

ఏఐ ఈ గరుకును ఎందుకు పూరించలేదు? ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా మోడళ్ళు ఫోటోను పిక్సెల్ పిక్సెల్‌గా గీయవు. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్‌నే తీసుకుందాం. అది 512x512 పిక్సెళ్ళ బొమ్మను ముందు 64x64 గడులకు కుదించుకుంటుంది. ఒక్కో గడిలో నాలుగే సంఖ్యలు. అంటే ఎనిమిది పిక్సెళ్ళ పొడవు, ఎనిమిది పిక్సెళ్ళ వెడల్పు ఉన్న ముక్కలోని 192 విలువలు నాలుగు సంఖ్యల్లో ఇమడాలి. కన్ను, ముక్కు, చీర అంచు లాంటివి ఇందులో ఇముడుతాయి, ఎందుకంటే వాటికో క్రమం ఉంది. గ్రెయిన్‌కు క్రమం లేదు. ఏ చుక్క నల్లగా, ఏ చుక్క తెల్లగా ఉంటుందో పక్క చుక్కను బట్టి చెప్పలేం. చెప్పలేనిదాన్ని ఊహించమంటే యంత్రం సగటు వైపు మొగ్గుతుంది. గరుకు సగటు అంటే నునుపే. కొన్నిసార్లు మోడల్ తనంతట తాను గ్రెయిన్ లాంటిది గీస్తుంది కూడా. కానీ అది ఎక్కడో నేర్చుకున్న గ్రెయిన్, మీ తాతగారి ఫోటోలోది కాదు.

రెండో కారణం సైజు. ఫోటోషాప్‌లో Generative Fill 2023లో వచ్చినప్పుడు అది గీసే ముక్క 1024x1024 పిక్సెళ్ళకు మించేది కాదు. మీరు అంతకంటే పెద్ద జాగా గుర్తుపెడితే, గీసిన ముక్కనే సాగదీసి అక్కడ పరిచేది. తర్వాత వచ్చిన మోడళ్ళు మెరుగయ్యాయి గానీ సూత్రం మాత్రం పనికొస్తుంది: పెద్ద జాగాను ఒకేసారి పూరించమనొద్దు. మడత గీత పొడవునా ఒకే ముక్కగా కాక, చిన్న చిన్న ముక్కలుగా పూరిస్తే సాగదీత ఉండదు, మసక తగ్గుతుంది.

మూడోది చాలామంది గమనించరు. మాటల్లో చెబితే ఫోటోను మార్చి ఇచ్చే యాప్‌లు కొన్ని, మీరు అడిగిన ముక్కను మాత్రమే కాకుండా మొత్తం బొమ్మను తిరిగి గీసి ఇస్తాయి. అడిగింది మూల పూరించమని, వచ్చింది మొహంలో ముడతలు కూడా నునుపెక్కిన ఫోటో. అలాంటప్పుడు వచ్చిన బొమ్మను అలాగే ఉంచుకోకూడదు. దాన్ని అసలు స్కాన్ మీద ఒక లేయర్‌గా పెట్టి, సైజు సరిచేసి, మాస్క్ వేసి, పాడైన జాగాలో మాత్రమే కనిపించేలా చెయ్యాలి. చెక్కుచెదరని చోటల్లా అసలు పిక్సెళ్ళే ఉండాలి.

ఇక్కడ ఒక తప్పుదారి గురించి గట్టిగా చెప్పాలి. అతుకు నున్నగా ఉంది, ఫోటో గరుకుగా ఉంది కాబట్టి, ఫోటో మొత్తానికీ నాయిస్ తగ్గించే ఫిల్టర్ కొట్టి రెండిటినీ సమం చేసేవాళ్ళున్నారు. సమం అవుతుంది, నిజమే. కానీ ఆ గరుకుతోపాటే చెంప మీద చర్మం, పంచె నేత, జుట్టులో పాయలు కూడా పోతాయి. రెండు శాతం జాగాలో చేసిన అతుకు కోసం తొంభై ఎనిమిది శాతం అసలు ఫోటోను చెరపడం నా దృష్టిలో బాగుచేయడం కాదు. అతుకే ఫోటో దగ్గరికి రావాలి, ఫోటో అతుకు దగ్గరికి పోకూడదు.

సరే, పని ఎలా చెయ్యాలి? ఒక ఉదాహరణ తీసుకుందాం. 4x6 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ ప్రింటు. 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400x3600 పిక్సెళ్ళు వస్తాయి. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో షార్పెనింగ్, దుమ్ము తొలగించే సౌకర్యం రెండూ ఆపేసి స్కాన్ చేశాం. మడత గీత వెనక గోడ మీదుగా వచ్చి, తాతగారి భుజం తాకి, తలుపు చట్రం దాకా పోయింది. ఏఐతో ముక్కలు ముక్కలుగా పూరించాం. రంగు, వెలుగు కలిశాయి. ఇప్పుడు మిగిలింది షార్ప్‌నెస్, గ్రెయిన్.

ఈ రెండిటిలో ఏది ముందు? ఫోటో ఏ వరుసలో పుట్టిందో ఆ వరుసలోనే మనమూ వెళ్ళాలి. మొదట లెన్స్ బొమ్మను కాస్త మసకబరిచింది. తర్వాత ఫిల్మ్ దాని మీద గ్రెయిన్ వేసింది. ఆ తర్వాత స్కానర్ ఆ రెండిటినీ కలిపి ఇంకాస్త మెత్తబరిచింది. కాబట్టి అతుకుకు కూడా ముందు మసక, తర్వాత గ్రెయిన్. తలకిందులు చేసి గ్రెయిన్ వేశాక మసకబరిస్తే వేసిన గ్రెయిన్ కరిగిపోతుంది. స్కానర్ షార్పెనింగ్ ఆపకుండా స్కాన్ చేసిన ఫోటో అయితే, అంచుల పక్కన సన్నటి తెల్లగీత ఉంటుంది. అప్పుడు మసక, గ్రెయిన్ రెండూ అయ్యాక అతుకుకు కొంచెం షార్పెనింగ్ కూడా ఇవ్వాలి. ఎందుకంటే అసలు ఫోటోకు అది చివర్లోనే జరిగింది.

షార్ప్‌నెస్ చూడడానికి ఒక అంచు కావాలి. తలుపు చట్రం మంచి గుర్తు. ఫోటోను 400 శాతానికి పెద్దది చేసి, చెడిపోని చోట చట్రం నలుపు నుంచి గోడ తెలుపుకు ఎన్ని పిక్సెళ్ళలో మారుతోందో లెక్కపెట్టండి. పాత ప్రింట్లలో అయిదారు పిక్సెళ్ళు పట్టడం మామూలే. తర్వాత ఏఐ గీసిన చోట అదే చట్రాన్ని చూడండి. అక్కడ రెండు మూడు పిక్సెళ్ళలోనే నలుపు తెలుపైపోతుంది. ఏఐ అతుకులోని చిక్కు ఇదే: గోడ లాంటి చదును జాగాలు ఫోటోకన్నా నున్నగా ఉంటాయి, అంచులు మాత్రం ఫోటోకన్నా పదునుగా ఉంటాయి. నున్నగా ఉందని షార్పెన్ చేస్తే అంచులు ఇంకా పదునెక్కుతాయే గానీ గోడ మీద గరుకు పుట్టదు. లేనిదాన్ని షార్పెనింగ్ తేలేదు. అందుకే చెయ్యాల్సింది దానికి ఎదురు. అతుకు లేయర్‌కు Gaussian Blur కొద్దిగా, 0.8తో మొదలుపెట్టి, చట్రం మారే వెడల్పు రెండుచోట్లా ఒకటయ్యేదాకా ఇవ్వాలి. పోల్చేటప్పుడు ఒకే దూరంలో ఉన్నవాటినే పోల్చండి. తాతగారి మీసం మీద ఫోకస్ ఉన్న ఫోటోలో వెనక గోడ సహజంగానే మసకగా ఉంటుంది. గోడ అతుకును మీసంతో పోల్చి పదును పెట్టకూడదు.

సాగదీసినందువల్ల అతుకు అంచులు ఫోటోకన్నా మసకగా వచ్చాయంటే మాత్రం ఫిల్టర్లతో కుస్తీ పట్టకుండా, చిన్న ముక్కలుగా మళ్ళీ పూరించుకోవడం మేలు.

ఇక గ్రెయిన్. దీనికి కంటి అంచనా ఒక్కటే చాలదు, ఒక అంకె కూడా ఉంది. ఫోటోషాప్‌లో Histogram ప్యానెల్‌ను విస్తరించి చూస్తే Std Dev అని ఒక సంఖ్య కనిపిస్తుంది. ఎంచుకున్న జాగాలో పిక్సెళ్ళ వెలుగు సగటుకు అటూఇటూ ఎంత చెదురుతోందో అది చెబుతుంది. గింప్‌లో కూడా హిస్టోగ్రామ్ కింద ఇదే సంఖ్య ఉంటుంది. చెడిపోని గోడ మీద ఒక చిన్న చదరం గుర్తుపెట్టి ఆ అంకె చూడండి. 5 వచ్చిందనుకుందాం. అతుకు మీద అంతే చదరం గుర్తుపెడితే 3 వచ్చిందనుకుందాం. ఈ కొలతకు రెండు జాగ్రత్తలున్నాయి. చదరంలో వెలుగు ఒక వైపు నుంచి మరో వైపుకు మారుతూ ఉండకూడదు, ఉంటే ఆ మార్పును కూడా గరుకుగా లెక్కగడుతుంది. రెండోది, ప్యానెల్‌లో Cache Level 1 అని ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే అది కుదించిన బొమ్మ నుంచి తీసిన లెక్క, కుదిస్తే గరుకు తగ్గుతుంది కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది.

అయిదుకూ మూడుకూ తేడా రెండు, కాబట్టి రెండు కలిపితే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. చెదురుమదురుగా ఉన్న రెండు గరుకులు కలిసినప్పుడు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి పెంచుకుంటాయి, కొన్నిచోట్ల చెరిపేసుకుంటాయి. అందువల్ల వాటి వర్గాలు కలుస్తాయి. అయిదు వర్గం 25, మూడు వర్గం 9, తేడా 16, దాని వర్గమూలం 4. మనం కలపాల్సింది 4 అన్నమాట. బళ్ళో నేర్చుకున్న 3, 4, 5 లంబకోణ త్రిభుజం లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. రెండు మాత్రమే కలిపినవాళ్ళకు అతుకు ఇంకా నున్నగానే కనిపించి, ఎక్కడ తేడా వచ్చిందో అంతుపట్టదు.

గ్రెయిన్‌ను అతుకు మీద నేరుగా వెయ్యకుండా వేరే లేయర్‌లో వెయ్యాలి. అలా అయితే తర్వాత మార్చుకోవచ్చు. అతుకు పైన కొత్త లేయర్ పెట్టి, నడిమి బూడిద రంగుతో నింపి, బ్లెండ్ మోడ్ Overlay చెయ్యండి. ఆ మోడ్‌లో నడిమి బూడిద కంటికి కనిపించదు, దాని మీద వేసిన గరుకు మాత్రమే కిందికి దిగుతుంది. తర్వాత Filter > Noise > Add Noise. అందులో Gaussian, Monochromatic రెండూ ఎంచుకోవాలి. రెండోది మరిచిపోతే బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు వస్తాయి.

ఇలా వేసిన నాయిస్ ఒక్కొక్క పిక్సెల్ చుక్కగా, పిండి చల్లినట్టు ఉంటుంది. 600 డీపీఐ స్కాన్‌లో అసలు గ్రెయిన్ అలా ఉండదు, రెండు మూడు పిక్సెళ్ళ గుత్తులుగా ఉంటుంది. 400 శాతంలో పక్కపక్కన చూస్తే తేడా స్పష్టం. గుత్తులు కట్టాలంటే ఆ బూడిద లేయర్‌కు Gaussian Blur 0.7 నుంచి 1 దాకా ఇవ్వాలి. ఇచ్చాక గరుకు బలం బాగా పడిపోతుంది. ఒక పిక్సెల్ మసకకే అది మూడో వంతుకన్నా తగ్గిపోవచ్చు. కాబట్టి మొదట్లోనే Amount పెద్దగా పెట్టుకుని, మసక ఇచ్చాక, మిగతా లేయర్లు దాచి, బూడిద లేయర్ మీద Std Dev ఎంతుందో చూసుకోవాలి. 4 దగ్గరికి వచ్చేదాకా Amount మార్చుకోవాలి. స్లైడర్ మీద ఉన్న అంకెను నమ్మొద్దు, ఫలితంలో వచ్చిన అంకెను నమ్మండి.

Overlay ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ మోడ్‌లో గరుకు నడిమి బూడిద జాగాల మీద పూర్తి బలంతో పడుతుంది. నలుపు వైపుకో తెలుపు వైపుకో పోయేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. పాత ప్రింట్లలోనూ గ్రెయిన్ కంటికి కనిపించే తీరు దాదాపు ఇదే. గోడ మీద, చర్మం మీద బాగా కనిపిస్తుంది, నల్లకోటులోనూ తెల్లపంచెలోనూ అణిగిపోతుంది. అయితే ఇదే పద్ధతి ఫోన్‌తో తీసిన రాత్రి ఫోటోకు పనికిరాదు. అక్కడ గరుకు ఎక్కువగా ఉండేది నీడల్లోనే, Overlay సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది. దానికి Linear Light మోడ్ పెట్టి, బలం తగ్గించి, నీడల్లో ఎక్కువగా వెలుగులో తక్కువగా మాస్క్ చేసుకోవాలి. పైగా ఫోన్ ఫోటోలో రెండు రకాల నాయిస్ కలగలిసి ఉంటుంది. వెలుగులో సన్నటి గరుకు ఒకటి, రంగులో పెద్ద పెద్ద మరకలు ఇంకోటి. ఒకే లేయర్‌తో రెండూ రావు. సన్నటిది Monochromaticగా ఒక లేయర్‌లో, రంగుది ఎక్కువ మసకతో మరో లేయర్‌లో పెట్టి Color మోడ్‌లో చాలా పలచగా కలపాలి.

గ్రెయిన్ సరిపోయింది, అంకె కలిసింది, అయినా అతుకు చుట్టూ ఒక సన్నటి నునుపు గీత కనిపిస్తోందా? ఇది చాలామందిని తికమకపెట్టే లోపం. కారణం మాస్క్ అంచుల దగ్గర ఇచ్చిన మెత్తదనం. అతుకు, ఫోటో ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలని అంచును ఇరవై ముప్పై పిక్సెళ్ళ మేర మెత్తబరుస్తాం. ఆ అంచు మధ్యలో సగం ఫోటో, సగం అతుకు ఉంటాయి. రెండిటి గరుకూ 5 అయినా, సగం సగం కలిపితే ఫలితం 5 రాదు. రెండున్నర వర్గం ఆరుంపావు, అలాంటివి రెండు కలిస్తే పన్నెండున్నర, దాని వర్గమూలం సుమారు మూడున్నర. గరుకు దాదాపు ముప్పై శాతం తగ్గిపోయిందన్నమాట. అతుకు అంచున నునుపు గీత వచ్చేది అందుకే. మెత్తదనాన్ని రెండు మూడు పిక్సెళ్ళకు కుదిస్తే గీత మాయమవుతుంది. వెలుగు కలవడానికి వెడల్పు మెత్తదనం తప్పనిసరైతే, అంచు పొడవునా మరికొంచెం గ్రెయిన్‌ను సన్నటి బ్రష్‌తో వేసుకోవాలి. సరళరేఖలా తిన్నగా పోయే అంచుకన్నా కాస్త వంకరటింకరగా, ఉన్న గీతల వెంట పోయే అంచు తక్కువగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

లెక్కలతో తయారుచేసిన గ్రెయిన్ సరిపడనప్పుడు ఫోటో దగ్గరే అప్పు తెచ్చుకోవచ్చు. చెడిపోని గోడ మీద వీలైనంత పెద్ద ముక్కను కొత్త లేయర్‌లోకి తీసుకుని, Filter > Other > High Pass మూడు నాలుగు పిక్సెళ్ళతో ఇస్తే, గోడ రంగూ వెలుగూ పోయి బూడిద మీద గరుకు ఒక్కటే మిగులుతుంది. దాన్ని అతుకు మీదకు జరిపి Linear Light మోడ్‌లో 50 శాతం పెడితే, ఆ ఫోటో సొంత గ్రెయిన్ ఉన్నదున్నట్టు దిగుతుంది. గుత్తి సైజు, ఆకారం గురించి ఆలోచించే పనే లేదు. ఒకే చిన్న ముక్కను పదేపదే పరిస్తే మాత్రం టైల్స్ వేసినట్టు వరుస కనిపిస్తుంది.

ఒక రకం ఫోటోలకు ఈ దారి తప్ప వేరే దారి లేదు. నిగనిగలాడని కాగితం మీద, తేనెపట్టు గడుల్లా చిన్న చిన్న గుంటలు అచ్చువేసిన పాత ప్రింట్లు మీ ఆల్బమ్‌లోనూ ఉండే ఉంటాయి. పెళ్ళి ఆల్బమ్‌లలో ఈ కాగితం బాగా నడిచింది. స్కాన్ చేసినప్పుడు ఆ గుంటలు కూడా వెలుగునీడలై ఫోటో అంతటా వస్తాయి. అది గ్రెయిన్ కాదు, దానికో వరుస, ఒక దిక్కు ఉన్నాయి. దాని మీద Add Noise ఎంత వేసినా అతుకు వేరుగానే కనిపిస్తుంది. ఆ కాగితం సొంత ముక్కనే High Pass చేసి, తిప్పకుండా, వరుసకు వరుస కలిసేలా జరిపి పెట్టాలి. ఈ పని ఓపికతో కూడుకున్నది. అంతకన్నా ముందుగా, స్కానర్ మీద ప్రింటును 180 డిగ్రీలు తిప్పి రెండోసారి కూడా స్కాన్ చేసి, రెండిటినీ తిన్నగా కలిపి సగటు తీస్తే గుంటల నీడలు చాలావరకు తగ్గుతాయి. స్కానర్ దీపం ఒక వైపు నుంచే పడుతుంది కాబట్టి, తిప్పినప్పుడు నీడ అవతలి వైపుకు పడి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

పని అయ్యాక పరీక్షించాలి. కన్ను అలవాటుపడిపోతుంది కాబట్టి చేసినవాళ్ళకే లోపం కనిపించదు. అన్నిటికన్నా పైన ఒక Curves లేయర్ పెట్టి కాంట్రాస్ట్‌ను విపరీతంగా పెంచండి. గోడ ఉన్న వెలుగు చుట్టూ గీతను నిటారుగా లాగితే, మామూలుగా కనిపించని గరుకు కూడా ఇసుకలా పైకి తేలుతుంది. అతుకులో ఆ ఇసుక పలచబడిందా, మరీ చిక్కగా ఉందా, గుత్తులు పెద్దవయ్యాయా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. చూశాక ఆ లేయర్‌ను తీసేయడమే. రెండో పరీక్ష కాగితం మీద. 4x6ను 12x18 చేస్తే మూడు రెట్లు పెద్దది, మూడు పిక్సెళ్ళ గుత్తి కూడా అంతే పెద్దదవుతుంది. అతుకు, అసలు గోడ రెండూ వచ్చేలా అరచేయంత ముక్కను ఆ సైజులోనే ప్రింటు తీసి చూస్తే, పెద్ద ప్రింటు ఖర్చు వృథా కాదు. ఫోటోను పెద్దది చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడదలిస్తే గ్రెయిన్ వెయ్యకముందే వాడాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు గ్రెయిన్‌ను కూడా బొమ్మలో గీతలనుకుని వాటినే పదునుపెట్టి పాముపొర లాంటి ముద్దలు చేస్తాయి. పెద్దది చేశాక గుత్తి సైజును మళ్ళీ కొలిచి కొత్తగా వేసుకోవడమే సరైన వరుస.

వాట్సాప్‌లో చూసుకోవడానికే అయితే ఇంత పని అక్కర్లేదు. పంపేటప్పుడు అది ఫోటోను కుదించి, జేపెగ్‌గా గట్టిగా నొక్కుతుంది. గరుకు సగం అక్కడే పోతుంది, అతుకూ ఫోటో ఒకటైపోతాయి. ప్రింటు తీయించేవాళ్ళకూ, స్కాన్‌ను దాచుకునేవాళ్ళకూ మాత్రమే ఈ కష్టం తగినది.

ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. గోడ, నేల, ఆకాశం, బట్ట, చెట్ల ఆకులు, వీటి మీద గ్రెయిన్ కలిశాక అతుకు కనిపెట్టడం దాదాపు అసాధ్యం. మొహం అలా కాదు. మడత గీత కంటి మీదుగానో పెదవి మీదుగానో పోయిన ఫోటోలో ఏఐ గీసేది ఎవరో ఒకరి కన్ను, మీ నాయనమ్మ కన్ను కాదు. దాని మీద ఆ ఫోటో గ్రెయినే సరిగ్గా వేస్తే, ఆ కన్ను నిజమైనదేనని అందరూ నమ్ముతారు. అతుకును దాచే నేర్పు ఎంత పెరిగితే ఈ ప్రమాదమూ అంత పెరుగుతుంది. మొహంలో పాడైన భాగానికి అదే మనిషి ఇంకో ఫోటో దొరికితే దాన్నుంచి తీసుకోవాలి. దొరకకపోతే గీతను వీలైనంత పలచబరిచి వదిలేయడమే నయం. వార్తల ఫోటోలకూ, కోర్టుకో ఆఫీసుకో ఇచ్చే ఫోటోలకూ ఈ పని అసలే చెయ్యకూడదు. అక్కడ గరుకులో తేడా కనిపించడం నిజం తేల్చడానికి ఆధారం. ఫోటో మార్చారా లేదా అని పరీక్షించేవాళ్ళు మొదట చూసేవాటిలో నాయిస్ ఒకటి.

స్టూడియోకి ఫోటో ఇచ్చేవాళ్ళకు ఒక మాట. బాగుచేసిన ప్రింటు ఒక్కటే తెచ్చుకుని సరిపెట్టుకోకండి. ముట్టుకోని అసలు స్కాన్‌ను టిఫ్ ఫైల్‌గా అడిగి తీసుకోండి. లేయర్లున్న ఫైల్ ఇస్తామంటే అదీ తీసుకోండి. ఏ జాగాను ఏఐతో పూరించారో అడిగి, ప్రింటు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టండి. అసలు ప్రింటును పారేయకుండా, తిన్నగా, మడత పడకుండా, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి దాచండి.